చెన్నబసప్ప తల ఊపలేదు

మహాదేవమ్మ తెర మీద తొమ్మిది నిమిషాలు మాట్లాడింది. ఇందిరమ్మకు అందులో మూడే నిమిషాలు కావాలి.

అది 1964 జనవరి. హైదరాబాదులో రైతుల కోసం పొట్టి చిత్రాలు తీసే ఒక చిన్న యూనిట్‌లో ఇందిరమ్మ ఐదేళ్లుగా ఫిల్ము కత్తిరించే వాళ్ల పక్కన పనిచేసింది. ఈసారి మొదటిసారిగా ఒక చిత్రం పూర్తిగా ఆమె చేతికొచ్చింది. జహీరాబాద్ పక్కన కోహీర్ దారిలో అల్లం పండించే మహాదేవమ్మ, దుంపకుళ్లు రాకుండా పంటను ఎలా కాపాడుకుందో తన నోటితో తాను చెప్పే చిత్రం. కెమెరామన్ జగన్‌మోహన్ ఒక్క కెమెరాను ఒక్క చోట నిలబెట్టి, ఆమె మొదలుపెట్టిన దగ్గర నుంచి రీలు అయిపోయే దాకా వదలకుండా తీసుకొచ్చాడు. మొదట్లో ఆమెనూ చుట్టూ కూర్చున్న నలుగురినీ కలిపి ఒక దూరపు షాటు. ఆ తరువాత అంతా ఆమె ఒక్కతే, నడుము నుంచి పైకి. వేరే ఏమీ లేదు.

మాట మట్టుకు బంగారం. కానీ ఆమె విత్తనం గురించి చెబుతూ బర్రె దగ్గరికి పోయేది, బర్రె దగ్గర నుంచి అన్న కూతురి పెళ్లికి పోయేది, అక్కడి నుంచి మళ్లీ విత్తనానికి వచ్చేది. ఇందిరమ్మ ఆ బర్రెనూ పెళ్లినీ తీసేసి, మిగిలిన ముక్కలు అతికించి, బల్ల మీద నడిపించి చూసింది. చెవికి ఎక్కడా లోటు లేదు. కంటికే కష్టం. ఒడిలో ఉన్న చెయ్యి, కన్ను మూసి తెరిచేలోగా తల మీదికి ఎగిరింది. భుజం మీద ఉన్న కొంగు తల మీదికి దూకింది. ముందుకు వంగిన మనిషి ఉన్నట్టుండి నిటారుగా కూర్చుంది. నాలుగు అతుకులు, నాలుగు జంపులు.

యూనిట్ పెద్ద గురులింగప్ప ఆ ముక్క చూసి కళ్లద్దాలు తీసేశారు.

"ఏందమ్మా ఇది, పూనకం వచ్చినట్లు ఎగురుతున్నది ఆమె! మీద మన వ్యాఖ్యానం పెట్టేద్దాం. ఆమె గొంతు వద్దు."

ఇందిరమ్మ అడ్డుపడింది. ఆ గొంతే కదా చిత్రం!

"సార్, ఆమె గొంతు అట్లనే పోనిద్దాం. అతుకు వచ్చిన దగ్గర బొమ్మను పక్కకు తిప్పుదాం. విత్తనం అంటున్నప్పుడు ఆమె చేతుల విత్తనం చూపిద్దాం. కాలువ అంటే కాలువ. వినేటోళ్ల మొఖాలు. చూసేటోడు మల్ల ఆమె దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎక్కడున్నా అడగడు. నాకు ఒక దినం, వంద అడుగుల ఫిల్ము ఇయ్యండ్రి."

వంద అడుగులంటే మూడు నిమిషాలకు కొంచెం తక్కువ. గురులింగప్ప కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు.

"పో. కానీ చివరి అతుకు దగ్గర ఆ మరిది తల ఊపుతున్నట్టు తేవాలె. ఆయన గూడ ఒప్పుకున్నడని తెలవాలె రైతులకు."

చివరి అతుకే అన్నిటికన్నా పెద్దది. నీళ్లు నిలవకుండా తాను మట్టి ఎత్తి ఎత్తుమళ్లు కడుతుంటే మరిది చెన్నబసప్ప గట్టు మీద నిలబడి నవ్విన సంగతి మహాదేవమ్మ చెప్పింది. దాని వెనక రెండు నిమిషాల ఇంటి ముచ్చట. దాన్ని ఇందిరమ్మ తీసేసింది. తరువాత వచ్చేది, "ఇప్పుడు ఊరోళ్లంత గట్లనే ఎత్తుమళ్లు జేస్తున్రు" అనే మాట. నవ్వాడు అన్న మాటకూ ఊరంతా చేస్తున్నారు అన్న మాటకూ మధ్య ఆమె కొంగు, చేతులు, మెడ అన్నీ ఒకేసారి దూకుతాయి.

మరునాడు తెల్లవారక ముందే జీపు బయలుదేరింది. జగన్‌మోహన్ ఒడిలో చిన్న కెమెరా. దానికి కరెంటు అక్కర్లేదు, తాళం చెవి తిప్పినట్టు తిప్పితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. ఒకసారి తిప్పితే అర నిమిషం లోపే ఆడుతుంది. గరగరమని చప్పుడు చేస్తుంది కానీ ఈ షాట్లకు శబ్దం అవసరం లేదు, మహాదేవమ్మ గొంతు ముందే టేపు మీద ఉంది. ఇందిరమ్మ ఆ టేపు కోయని నకలునూ, బ్యాటరీలతో నడిచే రికార్డరునూ కూడా వెంట తెచ్చింది. ఏ మాట మీద ఏ బొమ్మ రావాలో అక్కడే విని సరిచూసుకోవాలని. పర్సులో ఒక కవరు ఉంది. అందులో దూరపు షాటు నుంచి కత్తిరించిన నాలుగు ఫ్రేములు. వాటిని ఎండకు పట్టి భూతద్దంతో చూస్తే ఆనాడు ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఏం కట్టుకున్నారో తెలుస్తుంది.

చేను చేరగానే జగన్‌మోహన్ జీపు దిగి అక్కడే నిలబడిపోయాడు. ఆనాడు మహాదేవమ్మ వెనక పచ్చగా కనబడిన మడి ఇప్పుడు ఉత్త మట్టి. ఆనాడు మిగిలి ఉన్న అల్లమూ తవ్వేశారు. లారీ ఎక్కిపోయింది కూడా.

"ఏం జేస్తం ఇప్పుడు?" అన్నాడు.

"దగ్గరికి పోదాం. బాగా దగ్గరికి. చేతులే కనబడాలె, వెనక ఏమున్నదో ఎవరికి తెలుస్తది?" అంది ఇందిరమ్మ.

మహాదేవమ్మ వాళ్లను చూసి నవ్వుకుంటూ ఎదురొచ్చింది. అరవై దాటిన మనిషి, నడక మాత్రం పడుచుపిల్లది. "మల్ల ఏం జెప్పాలె బిడ్డా? జెప్పింది సాలలేదా?"

"ఏం జెప్పకు పెద్దమ్మా. నీ చేతులు అడుగుతున్న, అంతే."

విత్తనపు గుంత తెరిచి ఆమె దుంపలు తీసింది. ఇందిరమ్మ కవరులోంచి ఫ్రేము తీసి ఎండకు పట్టి, ఆనాడు ఆమె కుడిచేతికి రెండు వెండి కడియాలు, ఎడమ చేతికి గాజులు ఉన్నాయని చూసింది. ఇవాళ గాజులు లేవు, మట్టిలో పని కదా అని తీసి గూట్లో పెట్టింది. ఆమె వాటిని వేసుకుని వచ్చాకే కెమెరా ఆడింది. మెత్తబడ్డ దుంపను గోటితో నొక్కి అవతల పారేసింది, గట్టిదాన్ని కణుపు దగ్గర విరిచింది, మందు నీళ్ల కుండలో ముంచింది. ఎత్తుమడి, దాని పక్కన లోతైన కాలువ మట్టుకు పక్క చేనులో దొరికాయి. అక్కడ ఇంకా అల్లం తవ్వలేదు. కాలువలో నీళ్లు వదిలితే అవి మడిని తాకకుండా కిందికి పారిపోవడం జగన్‌మోహన్ నేలకు ఆనుకొని పడుకొని తీశాడు. లేచేసరికి చొక్కా అంతా బురద. నవ్వాగలేదు ఎవరికీ.

"మూడు అతుకులకు మందు దొరికింది!" అంది ఇందిరమ్మ. ఉత్సాహంతో ఆమె గొంతు కాస్త పైకే లేచింది. "ఇగ చెన్నబసప్ప."

మహాదేవమ్మ ముఖం మారింది. "ఆనాడు వాడు నవ్విన ముచ్చట నేను ఎత్తంగనే లేసిపోయిండు. అప్పటిసంది నాతోని మాట్లాడుతలేడు. నేనుంటే రాడు బిడ్డా. నేను బండి దీస్కొని జహీరాబాద్ పోత, మీరు పిలుసుకోండ్రి."

ఆమె బండి మలుపు తిరిగాక గానీ జీపు చెన్నబసప్పను తీసుకు రాలేదు. దిగిన మనిషిని చూసి ఇందిరమ్మ నెత్తి కొట్టుకుంది. నల్ల కోటు, ఇస్త్రీ ధోవతి, నున్నగా దువ్విన తల. ఫోటో అన్నారు కదా అని పెళ్లిళ్లకు వేసుకునేవి వేసుకొచ్చాడు. దూరపు షాటులో అతని నెత్తి మీద తెల్ల రుమాలు, భుజాన నల్ల గొంగడి ఉన్నాయి.

"కాకా, ఆనాటి బట్టలే గావాలె. మాటా మాటా నడుమ మీరు కోటు ఏసుకొని వచ్చినట్టు అయితది."

అతను సణుక్కుంటూ ఇంటికి పోయి మార్చుకొని వచ్చాడు. చేని ఒడ్డున మహాదేవమ్మ ఇంటి ముందు, ఆనాటి మంచం మీదే కూర్చుని ముందే చెప్పేశాడు, "జర ఇనుండ్రి. నేను తల ఊప. గామె నన్ను పదిమందిల నవ్వులపాలు జేసింది. నేను ఊపితే ఆమెదే కరెక్టని అయితది."

"ఊపకుండ్రి. వినుండ్రి సాలు," అంది ఇందిరమ్మ.

జగన్‌మోహన్ ఎండ కళ్లలో పడకుండా కెమెరాను మంచానికి అవతలి పక్కన పెట్టుకున్నాడు. ఇందిరమ్మ కెమెరా అద్దంలోంచి చూసి, "అన్నా, తప్పు!" అంది గబుక్కున. "తెర మీద పెద్దమ్మ ఎడమకు చూస్తది. ఈయన గూడ ఎడమకే చూస్తే ఇద్దరు గలిసి ఇంకెవరినో చూస్తున్నట్టుంటది. ఈయన కుడికి చూడాలె. అప్పుడే ఎదురెదురు కూసున్నట్టు."

"గటు దిక్కు ఎండ గొడుతది."

"ఎండ ఆయన వెనకనే ఉండనీ, ఎదురుగ తెల్లగుడ్డ పట్టి మొఖం మీదికి వెలుగు మళ్లిద్దాం."

పొరుగింటామె ఉతికిన ధోవతి ఒకటి పట్టుకుంది. వెలుగు మెత్తగా చెన్నబసప్ప చెంప మీద పడింది. కెమెరాకు కుడి పక్కన, మహాదేవమ్మ కూర్చున్న చోటే ముక్కాలిపీట వేసి రికార్డరు పెట్టారు.

"సిద్ధమా కాకా?" అన్నాడు జగన్‌మోహన్, స్ప్రింగు చూసుకునేందుకు ఒక్క క్షణం మీట నొక్కి. కెమెరా ఆడుతుండగానే చెన్నబసప్ప తల ఊపాడు.

యాభై అడుగులు ఖర్చయ్యాయి. ఇంక మిగిలింది నిమిషమున్నర కూడా లేదు. టేపేమో తొమ్మిది నిమిషాలు. ఇందిరమ్మ జగన్‌మోహన్ వెనక నిలబడి అతని భుజం మీద వేలు పెట్టింది. నొక్కితే ఆడించాలి, తీస్తే ఆపాలి. ఆమె టేపును ఆ చివరి అతుకుకు కొంచెం ముందు నుంచి మొదలుపెట్టింది.

పీట మీది పెట్టెలోంచి మహాదేవమ్మ గొంతు వచ్చింది. చెన్నబసప్ప ఉలిక్కిపడి అటు చూశాడు.

"నేను ఎత్తుమళ్లు కడుతుంటె మా మరిది గట్టు మీద నిలవడి నవ్విండు. వదినె అల్లం బెడుతున్నదా, బొందలు దవ్వుతున్నదా అన్నడు..."

వేలు నొక్కింది. గరగర మొదలైంది. చెన్నబసప్ప దవడ బిగిసింది. అతను గొంగడి సర్దుకుని లేవబోయాడు. ఆనాడు లేచింది కూడా ఇక్కడే. ఇవాళ కూడా లేస్తాడేమో అనిపించినా ఇందిరమ్మ వేలు తీయలేదు. కానీ తనను కెమెరా చూస్తున్నదనో ఏమో, సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. వేలు తీసింది. చప్పుడు ఆగింది. జగన్‌మోహన్ గబగబా తాళం తిప్పుకున్నాడు.

టేపు మాట్లాడుతూనే ఉంది. ఇందిరమ్మ బల్ల మీద కోసేసిన ఇంటి ముచ్చట ఇప్పుడు మొదలైంది. ఇక్కడ పని లేదు, ఆపేద్దామని ఆమె చెయ్యి రికార్డరు మీదికి పోయింది.

"...ఆ యేడు వానలు పడ్డయి. వాని మడిల నీళ్లు నిలిచినయి. ఒక్క దుంప మిగలలే. నాకు సంబరమైంది అనుకుంటరు మీరు. రెండు దినాలు నాకు బువ్వ దిగలే. నేను ఈ ఇంటికి వచ్చేనాటికి వాడు ఇంత పోరడు, నా చేతుల మీద పెరిగిండు..."

చెన్నబసప్ప కదలడం మానేశాడు. ఇందిరమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. మరుక్షణం ఆమె వేలు జగన్‌మోహన్ భుజంలో గుచ్చుకుంది. గరగర.

"...గుంతల సగం ఇత్తనం వాని కోసమే దాసిన. వాడు అడుగుతలేడు. వాని పట్టుదల వానిది. అడగకున్నా ఇస్త. ఇయ్యకుంట ఎట్లుంట?"

అతను టేపురికార్డరు వైపు, అంటే వదినె కూర్చున్న చోటు వైపు, అలాగే చూస్తూ ఉండిపోయాడు. కళ్లు పెద్దవయ్యాయి. ముఖంలో బిగువంతా మెల్లగా వదిలింది. నోరు ఏదో అనబోయి మానుకుంది. రుమాలు కొస పట్టుకున్న చెయ్యి గడ్డం దగ్గరే నిలిచిపోయింది. స్ప్రింగు నెమ్మదించే గుర్తు వినబడినా జగన్‌మోహన్ మీట వదల్లేదు. మాట పూర్తయి ఇంకో రెండు క్షణాలు గడిచాక కెమెరా తనంతట తానే ఆగిపోయింది.

"వచ్చిందా?" అంది ఇందిరమ్మ గుసగుసగా.

"మొత్తం వచ్చింది," అన్నాడు అతను.

చెన్నబసప్ప వాళ్లను పట్టించుకోలేదు. పెట్టెను చూపిస్తూ, "గా ముచ్చట మల్లొకసారి బెట్టు బిడ్డా," అన్నాడు. రెండోసారి విన్నాడు. లేచి గొంగడి దులుపుకొని వెళ్లిపోయాడు.

జీపులో పటాన్‌చెరువు దాకా ఇందిరమ్మ ఒక్క క్షణం కుదురుగా లేదు. "అన్నా, నేను తప్పు జేసిన. కోసిందే అసలు మాట. ఆ మాటను మల్ల పెడత. అడ్డం ఇంకేం అక్కర్లేదు, ఆయన మొఖమే."

మూడు రోజులకు కడిగిన ఫిల్ము వచ్చింది. ఆమె బల్ల ముందు కూర్చుంది. ఎడమ పక్క బొమ్మ పట్టీ, కుడి పక్క శబ్దపు పట్టీ, రెండూ ఒకే పళ్ల చక్రం మీద. మొదటి అతుకు దగ్గర, మాట అతుకుకు రెండు సెకన్ల ముందు నుంచి మహాదేవమ్మ బొమ్మను తీసి, చేతుల బొమ్మను పెట్టింది. తీసింది తొంభై ఆరు ఫ్రేములైతే పెట్టింది తొంభై ఆరే. ఒక్క ఫ్రేము తేడా వచ్చినా అక్కడి నుంచి పెదవులూ మాటా విడిపోతాయి. శబ్దపు అతుకు ఆ చేతుల బొమ్మ నడుమ ఎక్కడో దాగిపోయింది. దుంప విరిగి, మళ్లీ ముఖం వచ్చేసరికి ఆమె చెయ్యి తల మీద ఉంది. ఎప్పుడు పెట్టుకుందో అడగాలనిపించలేదు. కొంగు జంపు మందు కుండ కింద, ముందుకు వంగిన జంపు కాలువ నీళ్ల కింద మునిగిపోయాయి. ఇందిరమ్మ కుర్చీలో కూర్చునే ఎగిరింది.

చివరిది. కోసిన ముచ్చటలోంచి పద్నాలుగు సెకన్లు వెనక్కి తెచ్చింది. చిత్రం నిడివి మారకూడదు కాబట్టి ఎరువు గురించి రెండుసార్లు చెప్పిన మాటలో ఒకదాన్ని తీసేసింది. "నవ్విండు" అన్న మాట మీద అతని బిగిసిన దవడ. "రెండు దినాలు బువ్వ దిగలే" అన్నప్పుడు మహాదేవమ్మ. "వాని కోసమే దాసిన" నుంచి మళ్లీ అతను, "ఇయ్యకుంట ఎట్లుంట" దాటేదాకా. ఆ ముఖం మీద ఉండగానే ముచ్చట అయిపోయే చోటి అతుకు గడిచిపోయి, "ఊరోళ్లంత" అంటూ మహాదేవమ్మ తెర మీదికి వచ్చింది.

గురులింగప్ప చూశారు. మొదటి మూడు దగ్గర "భేష్" అన్నారు. చివర్లో కనుబొమ్మలు ముడిచారు.

"తల ఊపడం ఏది? ఉన్నదని జగన్‌మోహన్ అన్నడే?"

ఉంది. రీలు మధ్యలో ఒక్క క్షణం, స్పష్టంగా, అందంగా. ఎత్తుమళ్లు అన్న మాట మీద పెడితే అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ఇందిరమ్మ రాత్రే పెట్టి చూసింది కూడా. సరిపోయినందుకే ఆమెకు భయమేసింది.

"అది జగన్ అన్న సిద్ధమా అని అడిగితే చెప్పిన జవాబు సార్. పెద్దమ్మకు చెప్పింది కాదు. చేతులు ఎవరివైనా ఒకటే, కాలువ ఏ చేనిదైనా ఒకటే. కానీ మనిషి ఒప్పుకోనిది ఒప్పుకున్నట్టు ఎట్ల చూపిస్తం? ఆయనను జహీరాబాద్‌ల అందరు ఎరుగుదురు. ఈ ఒక్కటి అబద్ధమని తేలితే అల్లం గురించి చెప్పింది గూడ నమ్మరు."

గురులింగప్ప బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకున్నారు. "మల్ల ఒకసారి నడిపించు," అన్నారు. చూశారు. ఇంకోసారి అన్నారు. మూడోసారి అయ్యాక కళ్లద్దాలు తుడుచుకుంటూ, "లాబ్‌కు పంపు," అన్నారు. అంతే.

ప్రింటు వచ్చాక ఫిబ్రవరి చివర్లో జహీరాబాద్ బజారు పక్క మైదానంలో, పొద్దు గూకగానే తెర కట్టారు. ప్రచారపు వ్యాను జనరేటరు దడదడమంటోంది. కోహీర్ నుంచి, ఝరాసంగం నుంచి బండ్ల మీద వచ్చారు. మహాదేవమ్మ ముందు వరసలో చాప మీద, ఆమె పక్కనే ఇందిరమ్మ. చెన్నబసప్ప వెనక, వ్యాను దగ్గర నిలబడ్డాడు.

తెర మీద మహాదేవమ్మ కనబడగానే మైదానమంతా ఒక్కసారి గోల. ఆమె మాట మొదలవగానే సద్దుమణిగింది. ఇందిరమ్మ తెరను చూడలేకపోయింది. మొదటి అతుకు దగ్గరికి వస్తోంది. చేతులు వచ్చాయి, దుంప విరిగింది, ముఖం వచ్చింది. ఒక్కరు కూడా కదలలేదు. వెనక ఎవరో ముసలాయన, "సూడు, మెత్తదాన్ని పారేస్తున్నది," అని పక్కవాడికి చూపిస్తున్నాడు. రెండో అతుకు పోయింది. మూడోది పోయింది. ఆమెకు అరవాలనిపించింది.

మహాదేవమ్మ మాత్రం వంగి చెవిలో అడిగింది. "బిడ్డా, నడుమల నేను బర్రె ముచ్చట జెప్పిన గద. అది యాడ వాయె?"

"చేతుల కింద దాసిన పెద్దమ్మా," అంది ఇందిరమ్మ నవ్వాపుకుంటూ.

అప్పుడే "మా మరిది నవ్విండు" అన్న మాట వచ్చింది. తెర నిండా చెన్నబసప్ప. జనం గొల్లుమన్నారు. ఇందిరమ్మ వెనక్కి తిరిగి చూసింది. వ్యాను దగ్గర అతను తల దించుకున్నాడు. నవ్వు ఆగకముందే తరువాతి మాట వచ్చింది, ఆ తరువాతి మాట వచ్చింది. ముందు ఆడవాళ్ల దగ్గర నవ్వు ఆగింది, అక్కడి నుంచి వెనకదాకా ఆగింది. తెర మీద అతని ముఖం మెత్తబడుతోంది. జనరేటరు చప్పుడు తప్ప ఏమీ లేదు.

మహాదేవమ్మ చాప మీద మోకాళ్ల మీదికి లేచింది. తాను అన్న మాటలు ఆమెకు తెలుసు. ఆ మాటలు విన్న ముఖం ఎట్లా ఉందో మాత్రం ఆమె ఇప్పుడే చూస్తోంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చిత్రం అయిపోయి తెల్ల వెలుగు పడగానే ఆమె నిలబడి, మైదానమంతా వినబడేట్టు పిలిచింది.

"చెన్నబసప్పా! యాడున్నవురా?"

"ఈడున్న వదినె."

"రేపు పొద్దుగాల బండి దీస్కరా. ఎండలు ముదిరితే ఇత్తనం ఆగది."

"ఎత్తుమళ్లు కట్టుడు నాకు రాదు గద," అన్నాడు అతను. ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డాడో గొంతే చెప్పింది.

"నేను నిలవడి కట్టిపిస్త. గట్టు మీద నిలవడి నవ్వుత గూడ!"

ఈసారి నవ్వు మైదానాన్ని ఊపేసింది. చెన్నబసప్ప కూడా నవ్వాడు. ఎవరో చెయ్యిపట్టి అతన్ని ముందుకు తీసుకొచ్చి వదినె చాప మీదే కూర్చోబెట్టారు. నలుమూలల నుంచి "మల్లొకసారి! మల్లొకసారి!" అని కేకలు లేచాయి. జగన్‌మోహన్ ప్రొజెక్టరు దగ్గర రీలు వెనక్కి చుడుతూ, తలల మీదుగా ఇందిరమ్మను చూసి రెండు చేతులూ పైకెత్తాడు. ఆమె పరుగెత్తుకుంటూ అటు పోయింది, రీలు పట్టడానికి తానూ ఒక చెయ్యి వేయాలని.